చేతులకు రేజర్ వాడాక వెంట్రుకలు గరుకుగా వస్తున్నాయి. ఇక ఇవి ఇంతేనా?

గోంగూర_పిల్ల
పోయిన నెల అక్క పెళ్లి. పార్లర్‌లో వాక్సింగ్‌కి టైమ్ దొరకలేదు. పెళ్లికి రెండు రోజుల ముందు బాత్‌రూమ్‌లో కూర్చుని మోచేతి నుంచి మణికట్టు దాకా రేజర్‌తో గీసేశాను. ఫొటోలు బాగానే వచ్చాయి. బాధ పదో రోజు నుంచి మొదలైంది. చేయి నిమిరితే గరుకు కాగితంలా ఉంది, చున్నీ కూడా పట్టుకుంటోంది. ఇంతకుముందు నా చేతుల మీద వెంట్రుకలు ఉన్నాయో లేవో అన్నట్టు లేత గోధుమ రంగులో ఉండేవి. ఇప్పుడు నల్లగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తున్నాయి.
"కత్తి తగిలితే ముదురుతాయని చెప్పానా లేదా" అని అమ్మ రోజుకోసారి అంటోంది. నిజంగానే ముదిరాయా? గీసుకున్నాక మళ్లీ పాతలా అయిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?

పెరటి_మావయ్య
మీ అమ్మగారి మాటే కరెక్ట్. పెరట్లో కరివేపాకు చెట్టు చూడండి. కొన తుంచితే పక్క నుంచి రెండు కొమ్మలు వస్తాయి. గోరింట కంచె కూడా అంతే, కత్తిరించే కొద్దీ గుబురు. వెంట్రుకకి మాత్రం వేరే రూలు ఉంటుందా? నేను ఇంటర్లో నాన్న రేజర్ దొంగతనంగా తీసుకుని మీసం గీశాను. అప్పటికి అది ఉత్త నూగు. డిగ్రీ అయ్యేసరికి గడ్డం దట్టంగా దిగింది.

చీరాల_చిన్నోడు
మావయ్యా, ఇంటర్ నుంచి డిగ్రీకి వచ్చేసరికి చొక్కా సైజు కూడా పెరిగి ఉంటుంది. అదీ రేజర్ వల్లేనా?

పెరటి_మావయ్య
నవ్వు బాబూ నవ్వు. నీకింకా మీసం రాలేదేమో.

చర్మం_సంగతి
చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. ఓపీలో వారానికి కనీసం ఇద్దరు ఈ ప్రశ్న అడుగుతారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

మావయ్యగారి కరివేపాకు పోలిక దగ్గరే తేడా ఉంది. కొమ్మకు ప్రాణం ఉంది. మనం కొన తుంచిన చోటికి కిందే చిన్న మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి, కొన పోగానే అవి లేస్తాయి. వెంట్రుకకు అలాంటివేమీ లేవు. చర్మం పైన మనకు కనిపించే భాగం అంతా చచ్చిన పదార్థమే. కత్తిరిస్తే నొప్పి పుట్టదు చూడండి. ప్రాణం ఉన్నదంతా చర్మం కింద కుదురులో ఉంటుంది. అక్కడ కణాలు పుడుతూ, ముందు పుట్టినవాటిని పైకి నెడుతూ ఉంటాయి. రంగు పడేది అక్కడే, లావు తేలేది అక్కడే. చర్మం దాటి బయటకు వచ్చేసరికి అంతా గట్టిపడిపోయి ఉంటుంది. రేజర్ పైన ఏం కోసిందో కింద కుదురుకు కబురే అందదు. కుట్టుమిషన్ మీద వస్తున్న దారాన్ని కత్తెరతో కోస్తే లోపల కండెలో దారం లావెక్కుతుందా?

మరి గరుకెందుకు అంటారా? చింతబరికె గుర్తు తెచ్చుకోండి. మొదట్లో లావు, కొసకు సన్నం. వెంట్రుక కూడా అంతే. కొత్తగా పుట్టిన ప్రతి వెంట్రుకా సన్నటి మొనతో బయటకు వస్తుంది, ఆ తర్వాత నడుమ భాగం వస్తుంది. మీరు గీసుకోకముందు చూసింది ఆ మొనల్ని. రేజర్‌తో మొనలు పోయాయి. ఇప్పుడు పైకి వచ్చేది బరికె నడుమ నరికిన ముక్క. లావు అంతకుముందూ అంతే, కాకపోతే ఆ చోటు మీకు కొసన కనిపించేది కాదు.

రంగు కూడా ఇంతే. పాత కొసలు ఎండకి వెలిసిపోయి ఉంటాయి, పైగా సన్నం, అందుకే గోధుమ రంగు. ఇప్పుడు వచ్చేది ఎండ తగలని మొదలు. అది పొట్టిగా చర్మం మీద నిటారుగా నిలబడితే నల్ల చుక్కలా కనిపిస్తుంది.

పొలం_గట్టు
ఇంత చెప్పాలా డాక్టరుగారూ. వరి కోసిన మడిలో చెప్పుల్లేకుండా ఒకసారి నడిపించండి. నిన్నటిదాకా గాలికి ఊగిన గడ్డే, ఇవాళ కొయ్యకాళ్లయి అరికాలు చీరేస్తుంది. వరి లావెక్కిందా ఏంటి?

చర్మం_సంగతి
@పొలం_గట్టు భలే చెప్పారు. నేను ఇక నుంచి ఓపీలో ఇదే వాడుకుంటాను. పొడుగ్గా ఉన్నది వంగుతుంది, పొట్టిది వంగదు. ఒకే లావు చీపురు పుల్లని మూరెడు పట్టుకుని నొక్కండి, తర్వాత అంగుళం ముక్క పట్టుకుని నొక్కండి. తేడా వేలికే తెలుస్తుంది.

పెరటి_మావయ్య
పొలంగారూ, అదే కొయ్యకాళ్ల నుంచి పిలకలు కూడా వస్తాయి, మర్చిపోయారా?

పొలం_గట్టు
వస్తాయి. ఎందుకంటే దుబ్బు బతికే ఉంటుంది కాబట్టి. డాక్టరుగారు చెప్పిందీ అదేగా.

స్వామి_41
నేను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. 41 రోజులు గడ్డం ముట్టను. మొదటి వారం దురద, దిండు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మూడో వారానికి మెత్తబడుతుంది. దీక్ష చివరికి ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుందేమో, చిన్నదాన్ని ఎత్తుకున్నా ఏడవదు. మాల తీసి షేవ్ చేసిన మర్నాడు దగ్గరికే రానివ్వదు. అదే గడ్డం, అదే మొహం. ఇన్నేళ్లు రోజూ గీస్తున్నా, గీయకపోయినా దట్టంలో నాకైతే తేడా తెలియలేదు.
ఇంకో మాట. సిక్కుల్లో చాలామంది పుట్టాక ఒక్కసారి కూడా కత్తి తగలనివ్వరు. మరి వాళ్ల గడ్డాలు పలచగా ఉన్నాయా?

చీరాల_చిన్నోడు
స్వామి శరణం. మావయ్య కేసు కొట్టేశారు.

లక్ష్మీ_వైజాగ్
మా పాపకి పదకొండు నెలలు. తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాం. ఇప్పుడు మొలిచింది పలచగా ఉందని మా అత్తగారు ఇంకో గుండు కొట్టించాలంటున్నారు. మూడు గుండ్లు అయితేనే జుట్టు ఒత్తుగా వస్తుందట. ఇది కూడా మీ టాపిక్కే కదా? ఏ వయసులో కొట్టిస్తే మంచిది?

గోంగూర_పిల్ల
లక్ష్మిగారూ, నా చేతుల సంగతి తేలనివ్వండి, తర్వాత పాప తల దగ్గరికి వద్దాం 😄

రెండు_జడలు
లక్ష్మిగారూ, నా అనుభవం చెప్తాను. పెద్దదానికి మూడు గుండ్లు. రెండోదానికి మొక్కు ఒక్కటే, అదీ ఏడాదికి. ఇప్పుడు చిన్నదానికి జడ పిడికెడు లావు, పెద్దదానిది బొటనవేలంత. పెద్దది వాళ్ల నాన్న పోలిక. వాళ్ల నాన్న తల గురించి ఇక్కడ రాయను, ఆయన కూడా ఈ వేదిక చదువుతారు.

చర్మం_సంగతి
లక్ష్మిగారూ, మొక్కుంటే తీర్చుకోండి, దానికి నేనేం అడ్డు చెప్పను. ఒత్తు కోసమైతే అవసరం లేదు. పుట్టుకతో వచ్చిన జుట్టులో చాలా భాగం మొదటి కొన్ని నెలల్లో దానంతటదే రాలుతుంది. పడుకోబెట్టిన వైపు తల వెనక బోడి అవుతుంది కదా, అది అందుకే. ఆ తర్వాత వచ్చే జుట్టు కాస్త లావుగా ఉంటుంది, పిల్ల పెరిగే కొద్దీ ఇంకా లావవుతుంది. మనం గుండు కొట్టించేది సరిగ్గా ఆ వయసులోనే. ఎదగడం వల్ల వచ్చింది కత్తి ఖాతాలో పడుతుంది. మావయ్యగారి ఇంటర్ మీసం కథా ఇదే. పదహారు, పదిహేడేళ్లకి ఒంట్లో హార్మోన్లు నూగును మీసంగా మారుస్తున్నాయి. ఆ సమయంలో ఎవరి చేతిలో రేజర్ ఉంటే వాళ్లకి పేరు వస్తుంది.

గోంగూర_పిల్ల
సరే, లావవ్వలేదని ఒప్పుకుంటున్నా. కానీ ఈ మొండి ముక్కలు ఎన్నాళ్లు? పెరిగి పొడుగైనా కొస మొండిగానే ఉంటుంది కదా?

చర్మం_సంగతి
మంచి ప్రశ్న. కొస మొండిగానే ఉంటుంది. ఆ వెంట్రుకకు మళ్లీ మొన రాదు. కానీ ఆ వెంట్రుక శాశ్వతం కాదు.

ప్రతి కుదురూ కొన్నాళ్లు పని చేస్తుంది, కొన్నాళ్లు సెలవు పెడుతుంది. తల మీద పని కాలం చాలా ఎక్కువ, రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా. అందుకే జడ నడుము దాకా వస్తుంది. చేతుల మీద పని కాలం కొన్ని నెలలే. అందుకే చేతి వెంట్రుకలు ఎప్పుడూ కత్తిరించకపోయినా ఒక పొడవు దగ్గర ఆగిపోతాయి. సెలవు అయ్యాక పాత వెంట్రుక రాలిపోతుంది, అదే కుదురులోంచి కొత్తది సన్నటి మొనతో వస్తుంది.

మీరు గీసిన రోజు మీ చేతి మీద రెండు రకాలు ఉన్నాయి. పనిలో ఉన్న కుదుళ్లవి మర్నాటి నుంచే మొండి కొసతో పైకి వచ్చాయి. ఇప్పుడు మీకు గుచ్చుకునేవి అవే. సెలవులో ఉన్నవాటి ముక్కలు ఉన్నచోటే ఉండిపోతాయి, పెరగవు, కొన్నాళ్లకి రాలతాయి. అన్నీ ఒకేసారి మారవు కాబట్టి మూడు నాలుగు నెల్లకి చాలావరకు మొన ఉన్నవే కనిపిస్తాయి, పూర్తిగా పాతలా అవడానికి ఇంకొంచెం పట్టొచ్చు.

మీరే చూసుకోవచ్చు. ఒకటి పీకి తెల్లకాగితం మీద పెట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేసి కొస చూడండి. కత్తిరించినట్టు మొండిగా ఉంటే అది గీసినప్పటిది. సూదిలా సన్నబడితే కొత్తది.

లెక్కల_మాస్టారు
ఈ గొడవ మా ఇంట్లో కూడా వచ్చింది. నేను వాదించడం మానేసి చేసి చూశాను. ఎడమ కాలి పిక్క మీద పెన్నుతో అగ్గిపెట్టె అంత గడి గీసి, అందులో ప్రతి ఆదివారం రేజర్ వేశాను. కుడి కాలి మీద సరిగ్గా అదే చోట గడి గీశాను కానీ ముట్టలేదు. పది వారాలు. తర్వాత ఆపేశాను.
ఆపిన రెండు వారాలకి మా ఆవిడ కళ్లు మూసుకుని వేలితో నిమిరి ఏ కాలో చెప్పాలి. పదిసార్లకి పదిసార్లూ ఎడమ కాలు పట్టేసింది. "చూశారా ముదిరాయి" అంది. నేను కాగితం మీద రాసుకుని ఊరుకున్నా. అయిదు నెలల తర్వాత మళ్లీ అదే పరీక్ష. ఈసారి పదింటికి ఆరు చెప్పింది. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది.

చీరాల_చిన్నోడు
మాస్టారూ, అయిదు నెలలు పెన్ను గడి చెరిగిపోకుండా ఎలా ఉంచారు?

లెక్కల_మాస్టారు
స్నానం అయ్యాక రోజూ మళ్లీ గీసేవాణ్ణి. మా ఆవిడ అసలు బాధ అదే.

చర్మం_సంగతి
మాస్టారుగారూ, మీరు చేసింది దాదాపుగా 1970లో అమెరికాలో చేసిన పనే. అయిదుగురు మగవాళ్లకి ఒక కాలు వారానికోసారి కొన్ని నెలలు గీశారు, రెండో కాలు వదిలేశారు. లావు, పెరిగే వేగం, మొత్తం బరువు చూస్తే తేడా లేదు. అంతకుముందు 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త నలుగురు మగవాళ్లతో షేవింగ్ చేయించి, వెంట్రుకల్ని మైక్రోస్కోప్ కింద చూశారు. అక్కడా రంగులో గానీ లావులో గానీ మార్పు లేదు.

సూటిగా_అడుగుతా
ఆగండి. నలుగురు, అయిదుగురు. అదీ అందరూ మగవాళ్లే. దీన్ని తీసుకొచ్చి మన అమ్మాయిల గడ్డం కింద వెంట్రుకలకి అతికిస్తారా? నాకు లాజిక్ అర్థమైంది, కుదురుకి కబురు అందదు అన్నారు, సరే. కానీ రుజువు అంటే ఇది చాలా చిన్నది.

చర్మం_సంగతి
చిన్నదే, ఒప్పుకుంటాను. ఆ లెక్కల మీదే ఆధారపడి చెప్పడం లేదు, కుదురు ఎలా పని చేస్తుందో తెలుసు కాబట్టి చెబుతున్నాను. రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

కట్టు_విప్పాక
నా కేసు వేరు. బైక్ మీద నుంచి పడి కుడి చేయి విరిగింది, ఆరు వారాలు సిమెంటు కట్టు. విప్పాక చూస్తే ఆ చేతి మీద వెంట్రుకలు ఎడమ చేతి కన్నా నిజంగా ఎక్కువ, నల్లగా. ఎవరూ గీయలేదు, కత్తిరించలేదు. మరి పైన ఏం జరిగినా కుదురుకి తెలియదు అంటే ఎలా?

పెరటి_మావయ్య
ఇదిగో! ఇప్పుడు చెప్పండి!

చర్మం_సంగతి
@కట్టు_విప్పాక అది నిజంగా జరిగేదే, మేం కూడా చూస్తాం. కట్టు కింద వేడి, రాపిడి, రక్తప్రసరణ పెరగడం, వీటిలో ఏది అసలు కారణమో ఒక్క మాట మీద లేరు. ఎక్కువగా కొన్ని నెలల్లో అదే తగ్గిపోతుంది. మీకు తగ్గిందా?
నేను అన్నమాట సరిదిద్దుకుంటాను. కోత వల్ల కుదురుకి కబురు అందదు. చర్మానికే వారాల తరబడి ఏదైనా జరిగితే అందవచ్చు. లేజర్‌తో కూడా కొద్దిమందికి, ముఖ్యంగా మొహం, మెడ మీద, తగ్గాల్సిన చోట వెంట్రుకలు పెరుగుతాయి. అది మన రంగు చర్మాల్లో కనిపించే సంగతి. లేజర్ వేడి చర్మంలోకి దిగుతుంది, బ్లేడు దిగదు.

కట్టు_విప్పాక
తగ్గింది. ఏడాది లోపే. ఇప్పుడు రెండు చేతులూ ఒకటే.

సూటిగా_అడుగుతా
రోజూ మొద్దుబారిన బ్లేడుతో గీసుకుని, చర్మం ఎర్రగా కందిపోయి, కురుపులు లేచేవాళ్ల సంగతి? అదీ చర్మానికి వారాల తరబడి జరిగేదే కదా.

చర్మం_సంగతి
అలా కందిపోయినప్పుడు మేం చూసేది వెంట్రుక లోపలికి తిరిగి గుచ్చుకున్న కురుపులు, నల్లమచ్చలు. ఆ నల్లమచ్చనే చాలామంది "వెంట్రుకలు నల్లబడ్డాయి" అంటారు. లావెక్కడం నేను చూడలేదు. అంతకు మించి అడిగితే మీతో వాదించను.

నెల్లూరు_నీలిమ
ఇది రాయాలా వద్దా అనుకున్నా. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు గడ్డం కింద నాలుగు వెంట్రుకలు వచ్చాయి. రేజర్ వాడాను. ఏడాది తిరిగేసరికి అవి ఇరవై, లావుగా, నల్లగా, దవడ దాకా. ఇంట్లో అందరూ "గీసుకున్నందుకే" అన్నారు. నేనూ అదే నమ్మి మూడేళ్లు నన్ను నేనే తిట్టుకున్నా. స్కార్ఫ్ లేకుండా బయటికి వెళ్లలేదు.
చివరికి మొటిమల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ మొహం చూసి అడిగిన మొదటి ప్రశ్న "పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా?" అప్పటికి నాకు రెండు మూడు నెలలకోసారి వచ్చేవి. రక్తపరీక్ష, స్కానింగ్ చేసి పీసీఓఎస్ అన్నారు. రేజర్ వాడకపోయినా ఆ ఇరవై వచ్చేవే. రేజర్ మీద నింద వేసి అసలు సంగతి మూడేళ్లు వదిలేశాం.

రెండు_జడలు
రాసి మంచి పని చేశారు నీలిమగారూ. మా చెల్లెలిదీ ఇదే కథ.

చర్మం_సంగతి
నీలిమగారి పోస్టు నా పోస్టుల కన్నా ముఖ్యం. మోచేతి మీద గరుకు ఒకటి. గడ్డం, పై పెదవి, ఛాతీ, బొడ్డు కింద ఇంతకుముందు లేని చోట లావుగా నల్లగా కొత్తవి రావడం వేరొకటి. మొండి ముక్కల వల్లైతే సంఖ్య పెరగదు. సంఖ్య పెరుగుతోందంటే లోపల హార్మోన్లు నూగుని ముదర వెంట్రుకలుగా మారుస్తున్నాయన్న మాట. దానితో పాటు నెలసరి తప్పుతుంటే చూపించుకోండి. అప్పటిదాకా రేజర్ వాడితే తప్పేం లేదు.

పెరటి_మావయ్య
తెల్లవెంట్రుక ఒకటి పీకితే పది వస్తాయంటారు, అది కూడా అబద్ధమేనా? మా ఆవిడ నా తల మీద రోజూ ఒకటి పీకుతోంది.

చీరాల_చిన్నోడు
అబద్ధమే మావయ్యా. ఒక్క కుదురులోంచి పది రావు. మీ తల మీద పక్కవి వాటి పాటికి అవి తెల్లబడుతున్నాయి.

గోంగూర_పిల్ల
అప్‌డేట్. పెళ్లయి నాలుగు నెలలు దాటింది. డాక్టరుగారు చెప్పినట్టు ఎడమ చేతి మీద ఒకేచోట పన్నెండు వెంట్రుకలు పీకి (ఏడుపొచ్చింది) తెల్లకాగితం మీద వరసగా పెట్టి ఫోన్‌తో చూశాను. ఎనిమిదింటికి కొస సూదిలా ఉంది. నాలుగింటికి కత్తిరించినట్టు చదునుగా ఉంది. ఆ చదును కొసల లావూ, మిగతా ఎనిమిదింటి నడుమ లావూ ఒకటే, పక్కపక్కన పెట్టి చూశాను. గోధుమ రంగు కూడా కొసల దగ్గర కొంచెం కనిపిస్తోంది. చున్నీ పట్టుకోవడం ఆగిపోయింది.
అమ్మకి ఫోన్ చూపించాను. "ఆ నాలుగు ముదిరినట్టే ఉన్నాయి" అంది.

లక్ష్మీ_వైజాగ్
మా అత్తగారు రెండో గుండు కొట్టించేశారు. మీరు చెప్పినవన్నీ చదివి వినిపించాను. "డాక్టర్లు చెప్పింది డాక్టర్ల పిల్లలకి" అన్నారు. మూడోది ఉగాదికి అట.